యాప్‌లో పరిచయమైన వ్యక్తిని తొలిసారి కలవడానికి వెళ్తూ దారిలో ఆలస్యమైతే: జాగ్రత్తలు

1. ఇద్దరి పరిచయం ఇంకా యాప్‌కే పరిమితమై ఉంటే, డేటా అందని చోటునుంచీ కబురు పంపేందుకు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం ఇష్టమేనా అని ముందురోజే అడగాలి. ఇష్టం లేదంటే మళ్లీ అడగకూడదు.

2. ఆలస్యం తప్పదని తెలిసిన వెంటనే చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి క్యాబ్‌లో బయలుదేరి 6:30కి హైటెక్ సిటీ చేరాల్సిన వ్యక్తికి, 6 గంటలకు పంజాగుట్ట దగ్గర మ్యాప్ ఇంకా 40 నిమిషాలు చూపిస్తుంటే, "పది నిమిషాలు ఆలస్యమవుతుంది" అని రాయడం తగదు, ఎందుకంటే ఆ పది నిమిషాలు గడిచాక మరోసారి గడువు అడగడమే అసలు ఇబ్బంది. కాస్త ఎక్కువే చెప్పి ఇలా రాయవచ్చు: "క్షమించండి, పంజాగుట్టలో ట్రాఫిక్‌లో చిక్కుకున్నాను. 6:50 అవుతుంది. మీరు బయలుదేరకపోతే నెమ్మదిగా రండి. వచ్చేసి ఉంటే, అంతసేపు ఆగడం కష్టమైతే మరో రోజు కలుద్దామండీ."

3. పంజాగుట్టలోనే దిగి, అమీర్‌పేటలో మారి మెట్రోలో వెళ్లాలనుకుంటే, కొత్త సమయాన్ని ఒక్కసారే తెలపాలి.

4. దారి కలిసొస్తుందని కలిసే చోటు మార్చమని అడగకూడదు. ఒంటరిగా వచ్చే మనిషి, ముఖ్యంగా అమ్మాయి, ఆ చోటును ఇంట్లోవారికో స్నేహితులకో చెప్పి వచ్చి ఉండవచ్చు.

5. సొంత బండి నడుపుతుంటే, పక్కకు ఆపాకే ఫోన్ తీయాలి.