అప్పు తీరిపోయినా సిబిల్‌లో బాకీ చూపిస్తుంటే

ముందు ఒక్కటి చూడండి. రిపోర్టులో ఆ అప్పు గడి దగ్గర Date Reported అని ఒక తేదీ ఉంటుంది. ఫైనాన్సు కంపెనీగానీ బ్యాంకుగానీ ఆ ఖాతా వివరం చివరిసారి ఏ రోజు నాటిది పంపిందో ఆ తేదీ చెబుతుంది. పదిమందిలో తొమ్మిదిమంది దీన్ని చూడరు. స్కోరు చూస్తారు, ఎర్ర అంకె చూస్తారు, వెంటనే సిబిల్ సైటులో ఫిర్యాదు వేసే డిస్ప్యూట్ బటన్ నొక్కేస్తారు. ఆ బటన్ నొక్కాలా, ఆగాలా, ఆఫీసుకు వెళ్లాలా అన్నది తేల్చేది ఈ తేదీయే.

తేదీ మీరు డబ్బు కట్టిన రోజుకంటే పాతది

ఇది తప్పు కాదు, ఆలస్యం. 2025 జనవరి నుంచి అప్పులిచ్చేవాళ్లు కనీసం 15 రోజులకోసారి, అంటే నెల 15న, నెలాఖరున ఉన్న లెక్క పంపాలి. పంపడానికి వాళ్లకు 7 రోజులు, దాన్ని ఎక్కించడానికి సిబిల్ లాంటి సంస్థకు 5 రోజులు గడువు. 3వ తేదీన కట్టారనుకోండి. 15 నాటి లెక్కలో అది చేరుతుంది, 22 లోపు వెళ్తుంది, 27 లోపు రిపోర్టులో కనబడాలి. ఈలోపు డిస్ప్యూట్ వేస్తే ఒక ఫిర్యాదు వృథా అవుతుంది, అంతే. 28న కొత్త రిపోర్టు తీసి చూడండి. పాత రిపోర్టు పీడీఎఫ్‌నే మళ్లీ మళ్లీ తెరిచి "ఇంకా మారలేదు" అనేవాళ్లూ ఉన్నారు. అది మారదు. ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి కాబట్టి దానికి డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు.

తేదీ కొత్తది, అయినా బాకీ ఉంది

అసలు చిక్కు ఇక్కడే. డబ్బు మొత్తం కట్టానని మీకు తెలుసు, రసీదూ ఉంది. అయినా కంపెనీ ప్రతి పక్షమూ "బాకీ ఉంది" అనే పంపుతోంది. డిస్ప్యూట్ వేస్తే మూడు వారాల్లోపే "రుణదాత తన సమాచారం సరైనదేనని ధృవీకరించారు" అని జవాబు వస్తుంది. మళ్లీ వేస్తే మళ్లీ అదే జవాబు.

ఎందుకంటే సిబిల్ మీ రసీదు చూసి తీర్పు చెప్పే కోర్టు కాదు. మీ ఫిర్యాదును కంపెనీకి పంపుతుంది. కంపెనీలో ఒక ఉద్యోగి తన సిస్టమ్‌లో మీ ఖాతా తెరిచి, అక్కడ ఉన్న అంకెతో సిబిల్‌లో ఉన్న అంకెను పోల్చి చూస్తాడు. రెండూ ఒకటే అయితే "సరైనదే" అని తిప్పి పంపుతాడు. కంపెనీ ఒప్పుకోకుండా సిబిల్ తనంతట తాను అంకె మార్చలేదు. తప్పు కంపెనీ ఖాతాపుస్తకంలో ఉన్నంతకాలం సిబిల్‌తో ఎంత కొట్లాడినా ఉపయోగం లేదు.

మరి ఖాతాపుస్తకంలో ఏముంటుంది? చిల్లర. కావలి పక్కన పల్లెలో ఒక కుర్రాడి బైకు లోను చూడండి. 18 కంతులు, కంతుకు ₹4,100. చివరిది 2024 జూన్ 5న బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా పోవాలి. ఖాతాలో డబ్బు చాలక తిరిగొచ్చింది. జూన్ 11న నెల్లూరు ఆఫీసుకు వెళ్లి ₹4,100 నగదు కట్టాడు. కౌంటర్లో "అయిపోయింది బాబూ" అన్నారు. రసీదు తీసుకుని ఇంటికెళ్లాడు.

అయిపోలేదు. కంతు తిరిగొచ్చినందుకు ₹500, దానిమీద 18 శాతం జీఎస్టీ ₹90, ఆరు రోజుల ఆలస్యానికి ₹24, మొత్తం ₹614 చార్జీలు అప్పటికే ఖాతాలో పడి ఉన్నాయి. పైగా ఆ కంపెనీ సాఫ్ట్‌వేరు వచ్చిన డబ్బులో ముందు చార్జీలు కోసుకుని, మిగిలినదే కంతు కింద జమ వేస్తుంది. దాంతో అతను కట్టిన ₹4,100లో ₹614 చార్జీలకు పోయి, కంతులో ₹614 తక్కువ పడింది. పుస్తకం ప్రకారం జూన్ 5 కంతు ఇంకా తీరలేదు. గడువు దాటిన రోజుల లెక్క, రిపోర్టులో DPD అని ఉండేది, ఆగకుండా పెరుగుతూ పోయింది. 2025 సెప్టెంబర్ 30 నాటికి అది 482. ఇంటి లోనుకు వెళ్తే మేనేజరు ₹614ను చూడడు, 482ను చూస్తాడు.

మధ్యలో ఎవరూ చెప్పలేదా అంటే, బాకీ ఉందని సిబిల్‌కు పంపేటప్పుడు కస్టమరుకు ఎస్సెమ్మెస్‌గానీ మెయిల్‌గానీ పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. లోను తీసుకున్నప్పుడిచ్చిన సిమ్ ఇప్పుడు మీ దగ్గర లేకపోతే అది ఎవరి ఫోనుకు పోయిందో దేవుడికే తెలియాలి.

దీన్ని పట్టుకోవడం తేలిక. బండి ఆర్సీలో ఫైనాన్సు పేరు ఇంకా ఉందా? అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలో ఆ పేరు తీయించడానికి కంపెనీ సంతకం పెట్టిన ఫారం 35 మీ చేతికి వచ్చాయా? రాకపోతే వాళ్ల దృష్టిలో లోను ముగియలేదు. చివరి రసీదు ఎన్ఓసీ కాదు. కౌంటర్లో కుర్రాడి మాట అసలే కాదు.

ఏం చేయాలి

కంపెనీ ఆఫీసుకు వెళ్లి లోను స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ అడగండి. "ఎంత బాకీ ఉంది" అని నోటితో అడగొద్దు. మొదటి రోజు నుంచి ఈ రోజు దాకా ప్రతి జమా, ప్రతి ఖర్చూ ఉన్న కాగితం కావాలి. చివరి పేజీ నుంచి వెనక్కి చదవండి. మీరు కట్టిన చివరి కంతు ఏ పద్దు కింద ఎంతెంత విడిపోయిందో అక్కడే దొరుకుతుంది.

ఆ కుర్రాడు 2025 నవంబర్ 3న ఈ పని చేశాడు. ఆగస్టులో ఒకసారి, సెప్టెంబర్లో ఒకసారి డిస్ప్యూట్ వేసి రెండు నెలలు పోగొట్టుకున్న తరవాత! స్టేట్‌మెంట్‌లో ₹614 కనబడింది. అక్కడే కట్టి ఎన్ఓసీ తీసుకున్నాడు. నవంబర్ 28న తీసిన రిపోర్టులో ఖాతా Closed, బాకీ సున్నా. డిస్ప్యూటే అక్కర్లేకపోయింది.

ఇక్కడొక గుంట ఉంది. "₹614 మాఫీ చేస్తాం, సెటిల్‌మెంట్ కింద ముగిద్దాం" అని ఆఫీసువాళ్లు మంచి మాటే చెప్పవచ్చు. సెటిల్‌మెంట్ అనే మాట వినగానే ఆగండి. ఆ పద్దు కింద ముగిస్తే రిపోర్టులో Settled అని పడుతుంది. అప్పు పూర్తిగా కట్టకుండా బేరమాడుకున్నారని దాని అర్థం, ఏ బ్యాంకూ దాన్ని మంచిగా చూడదు. మాఫీ చేస్తానంటే చార్జీని వెనక్కి తీసుకుని ఖాతాను మామూలుగా ముగించమనండి, అదీ రాతపూర్వకంగా. కుదరదంటే ఆరొందలు కట్టేయడమే చవక.

బాకీ పోయింది, 482 పోలేదు

ఖాతా ముగిసినా గడచిన 36 నెలల DPD గడులు అలాగే ఉంటాయి. డిస్ప్యూట్‌కు అసలు పని ఇప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే ఇప్పుడు చేతిలో ఆధారం ఉంది.

కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టండి, అదే రోజు సిబిల్ సైటులో కూడా వేయండి. సైటులో అడిగే కంట్రోల్ నంబరు కొత్త రిపోర్టుదై ఉండాలి, రిపోర్టు తీసిన ప్రతిసారీ అది మారుతుంది. "నా సిబిల్ సరిచేయండి" అని రాస్తే పని జరగదు. ఏ నెల గడిలో ఏముంది, ఏముండాలి, ఎందుకు అన్నది రాయాలి. ఆ కుర్రాడి విషయంలో ఇలా: "2024 జూన్ కంతు ₹4,100 జూన్ 11న పూర్తిగా చెల్లించాను, రసీదు జత చేశాను. స్టేట్‌మెంట్ ప్రకారం అందులో ₹614 చార్జీల కింద మళ్లించారు. అసలు, వడ్డీ జూన్ నెలాఖరుకే తీరాయి కాబట్టి 2024 జూన్ నుంచి DPD గడులన్నీ 000గా సరిచేయగలరు." రసీదు, స్టేట్‌మెంట్ చివరి పేజీ, ఎన్ఓసీ జతచేస్తే చాలు. ఇది గెలవదగ్గ వాదన. నిజంగా కంతే నెలల తరబడి కట్టని గడులైతే మాత్రం ఏ ఫిర్యాదుకూ పోవు, వాటిమీద సమయం పెట్టకండి.

గడువు ఫిర్యాదు వేసిన రోజు నుంచి 30 రోజులు. అందులో కంపెనీ సరైన వివరం పంపడానికి 21 రోజులు. 30 దాటితే రోజుకు ₹100 చొప్పున మీకు పరిహారం రావాలి. 2024 ఏప్రిల్ చివరి నుంచి ఇది అమల్లో ఉంది. 21 రోజుల్లో కంపెనీ పంపకపోతే కంపెనీ కట్టాలి, అది పంపినా సిబిల్ మార్చకపోతే సిబిల్ కట్టాలి. డిసెంబర్ 1న ఫిర్యాదు వేశారనుకోండి, గడువు 31తో ముగుస్తుంది. జనవరి 12న సరిచేస్తే 12 రోజులకు ₹1,200. పరిష్కారమైన 5 పనిదినాల్లో మీ బ్యాంకు ఖాతాలో పడాలి. అయితే "మా లెక్క సరైనదే" అని 18వ రోజున జవాబిస్తే గడియారం అక్కడితో ఆగినట్టే. ఆధారం లేకుండా తొందరపడి వేసిన ఫిర్యాదుకు పరిహారం రాకపోవడానికి కారణం ఇదే.

30 రోజులైనా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు అన్యాయంగా ఉన్నా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. ముందు కంపెనీకి పెట్టిన మెయిల్, దాని తేదీ అక్కడ అడుగుతారు. ఫోన్లో చెప్పానంటే నడవదు.

మిగతావి

ఒకే అప్పు రెండుసార్లు కనబడితే బ్యాంకుల విలీనం సంగతి చూడండి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. 2025 మేలో ప్రగతి గ్రామీణ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. మన వైపు పంట రుణాలు చాలావరకు వీటివే. పాత పేరు మీది గడిలో Date Reported విలీనం దగ్గరే ఆగిపోయి ఉంటే అది డూప్లికేట్. ఇప్పుడున్న బ్యాంకు శాఖ నుంచి రెండు ఖాతాలూ ఒకటేనని లెటరు తెచ్చి డూప్లికేట్ కింద డిస్ప్యూట్ వేయండి.

అసలు మీది కాని అప్పు అయితే Ownership గడి చూడండి. Guarantor అని ఉంటే అది బావమరిదికో స్నేహితుడికో మీరు పెట్టిన హామీ సంతకం, తప్పు కాదు. అదీ కాకపోతే పాన్ నంబరు పోల్చి ఓనర్‌షిప్ డిస్ప్యూట్ వేయాలి. మీ పాన్‌తోనే ఎవరో తీసుకుని ఉంటే సైబర్ క్రైమ్ ఫిర్యాదు కాపీ జత చేయండి.

ఒక సంస్థలో సరిచేయిస్తే మిగతా మూడింటి సంగతేమిటని అడుగుతారు. కంపెనీ పుస్తకంలో అంకె మారితే అదే లెక్క సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగింటికీ వెళ్తుంది. "సిబిల్ క్లియర్ చేస్తాం, ఐదువేలు" అని కరెంటు స్తంభాల మీద అంటించేవాళ్ల చేతిలో ఉండేది మీరు ఉచితంగా నొక్కగల ఆ డిస్ప్యూట్ బటనే. ఆ ₹614 గురించి వాళ్లు అడగనైనా అడగరు.