ఒకే కవర్ లెటర్ మూడు చోట్లకి పంపితే ఎక్కడెక్కడ బెడిసికొడుతుంది

మా పిన్ని కొడుకు అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాడు. బీకాం చదివాడు, ఒక కంపెనీ అకౌంట్స్‌లో మూడేళ్లు చేశాడు. ఈమధ్య ఒకే లెటర్‌లో పైన పేరు మాత్రం మార్చి ఒక స్టార్టప్‌కి, ఒక ప్రైవేటు బ్యాంకుకి, ఒక ప్రభుత్వ సంస్థలో కాంట్రాక్టు పోస్టుకి పంపాడు. మూడు చోట్లా కుదరలేదు. ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ లెటర్ చదివితే చెప్పుకోదగ్గ పని అందులో ఒక్కటే కనిపించింది: వెండర్ల లెడ్జర్‌ని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడ్డానికి నెలాఖరున రెండు రోజులు పట్టేది, వాడు ఎక్సెల్‌లో ఆ పని దానంతటదే జరిగేలా మాక్రో రాసి దాన్ని మూడు గంటలకి తెచ్చాడు. ఆ ఒక్క పనినే మూడు రకాలుగా చెప్పాలి. లెటర్లు ఇంగ్లీషులోనే వెళ్తాయి, వాటి సారం ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

లక్షణం: స్టార్టప్ నుంచి ఉలుకూ పలుకూ లేదు

కారణం: లెటర్ "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, రెండు పేరాలు చదువు గురించి చెప్పి, మాక్రో సంగతి చివర్లో ఎక్కడో పెట్టింది. అక్కడ చదివేది చాలాసార్లు ఫౌండరో, టీమ్ లీడో. ఎవరూ చెప్పకుండా పని అందుకుంటాడా లేదా అనేదే వాళ్లకి కావాలి.

పరిష్కారం: అటాచ్‌మెంట్ వద్దు, మెయిల్‌లోనే నూటయాభై పదాల లోపు రాయండి. పేరు పెట్టి "హాయ్" అంటే తప్పేమీ లేదు. మొదటి వాక్యమే "నెలాఖరు లెక్కలు రెండు రోజుల నుంచి మూడు గంటలకి తెచ్చాను, ఎవరూ అడగలేదు, విసుగొచ్చి నేనే చేశాను" అని ఉండాలి. తర్వాత వాళ్ల పనిలో మీరు ఏది చక్కబెట్టగలరో ఒక్క మాట.

లక్షణం: బ్యాంకు పిలిచింది, కానీ ఇంటర్వ్యూ విచారణలా సాగింది

"ఆ మాక్రో సంగతి మీ మేనేజర్‌కి తెలుసా? డేటా ఎక్కడ పెట్టుకున్నారు? ఫలితం సరైనదని ఎవరు చూశారు?" అని ఒకదాని మీద ఒకటి అడిగారట. వాడికి చెమటలు పట్టాయి. నిజానికి మేనేజర్ అనుమతి ఉంది, మొదటి రెండు నెలలు పాత పద్ధతిలో కూడా చేసి రెండూ పోల్చి చూశారు. లెటర్‌లో మాత్రం ఆ ముక్కే లేదు, "సొంతంగా చేశాను" అని గొప్పగా ఉంది.

కారణం: స్టార్టప్‌లో మెచ్చే మాటే బ్యాంకులో భయపెడుతుంది. అక్కడ మేకర్-చెకర్ అని ఉంటుంది, అంటే ఎంట్రీ ఒకరు వేస్తే ఆమోదం ఇంకొకరు ఇవ్వాలి. ఒక్కడే అంతా చేశాననేవాడు వాళ్ల కంటికి ఆడిట్‌లో దొరికే లోపంలా కనిపిస్తాడు.

పరిష్కారం: "మేనేజర్ ఆమోదంతో సరిచూసే పద్ధతిని మార్చాను, రెండు నెలలు పాత పద్ధతితో పోల్చాక అమల్లోకి తెచ్చాం, ఫలితాన్ని ప్రతి నెలా సీనియర్ సరిచూసి సంతకం చేసేవారు" అని రాయించాను. పని అదే, అబద్ధం ఒక్కటీ లేదు, చెప్పే వరస మారిందంతే. ఒకవేళ మీకు నిజంగా అనుమతి లేకపోతే ఉందని రాయకండి, ఇంకో పని ఎంచుకోండి. "అద్భుతమైన", "విప్లవాత్మక" లాంటి మాటలు కొట్టేయండి. మధ్యలో ఉద్యోగం లేని నెలలుంటే కారణం ఒక వాక్యంలో చెప్పేయండి, దాస్తేనే అనుమానం. అన్నట్టు ఇదంతా ప్రైవేటు బ్యాంకుల సంగతి. ఐబీపీఎస్ పరీక్షతో నింపే క్లర్కు, పీఓ పోస్టులకి ఈ లెటర్ గొడవే లేదు.

లక్షణం: ప్రభుత్వ సంస్థ స్క్రూటినీలోనే పక్కన పెట్టేసింది

కారణం: లెటర్‌లో నోటిఫికేషన్ నంబరు లేదు, తేదీ లేదు, పోస్టు పేరు కూడా వాడు తనకి నచ్చినట్టు "అకౌంట్స్ ప్రొఫెషనల్" అని రాశాడు. అక్కడ గుమస్తా చేతిలో అర్హతల పట్టిక ఉంటుంది, లెటర్‌ని దాంతో పోల్చి టిక్కు పెట్టడమే ఆయన పని. మాక్రో ఎంత బాగున్నా పట్టికలో దానికి గడి లేదు.

పరిష్కారం: పైన సబ్జెక్ట్, రిఫరెన్స్ అని రెండు లైన్లు, పోస్టు పేరు నోటిఫికేషన్‌లో ఉన్నట్టే అక్షరం మార్చకుండా. అర్హతలు వాళ్లడిగిన వరసలోనే రాయండి. అనుభవాన్ని "సుమారు మూడేళ్లు" అనకుండా చేరిన తేదీ, మానేసిన తేదీ ఇవ్వండి. మాక్రో పనిని "లెడ్జర్ సరిచూడటం, ఎక్సెల్‌లో పని చేయడం" అని వాళ్ల మాటల్లోకి కుదించండి. కింద ఎన్‌క్లోజర్ల జాబితాకి నంబర్లు వేసి, కాపీలన్నీ ఆ వరసలోనే పెట్టండి. "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అన్నాక పెన్నుతో సంతకం. వాళ్లే ఒక ఫారం ఇచ్చి ఉంటే అసలు దరఖాస్తు ఆ ఫారమే, లెటర్ దానిపైన పెట్టే ఒక్క పేజీ. పోస్టులో పంపమంటే కవరు మీద పోస్టు పేరు రాయమన్నారేమో నోటిఫికేషన్ చివరి పేజీలో చూడండి. మావాడు ఆ పేజీ తెరవనే లేదు.