విద్యుద్రసాయన పాఠాలు – 5: ఘటం వోల్టేజి నుంచి సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం

ఒకే లోహంతో చేసిన రెండు తీగలను ఆ లోహపు అయాన్లు వేర్వేరు గాఢతల్లో ఉన్న ద్రావణాల్లో ముంచితే, ఘటం వోల్టేజి ఆ రెండు గాఢతల నిష్పత్తిని బట్టి ఉంటుందని గత భాగంలో నెర్న్‌స్ట్ సమీకరణం ద్వారా చూశాం. ఈ భాగంలో ఆ సంబంధాన్నే తిరగేసి వాడుకుంటాం. ఒక బీకరులోని గాఢత మనకు తెలుసు, వోల్టేజిని మీటరు చూపుతుంది, కాబట్టి రెండో బీకరులోని గాఢతను లెక్కగట్టవచ్చు. ఆ రెండో బీకరులో సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం ఉంటే, ద్రావణంలోని సిల్వర్, క్లోరైడ్ అయాన్ల గాఢతలను గుణిస్తే వచ్చే దాని ద్రావణీయతా లబ్ధం, అంటే Ksp, మన చేతికి వచ్చినట్లే.

25 °C వద్ద లీటరు నీటిలో కరిగే సిల్వర్ క్లోరైడ్ సుమారు 1.9 మిల్లీగ్రాములు. నీటిని ఆవిరి చేసి మిగిలిన లవణాన్ని తూచి ద్రావణీయతను కనుక్కోవాలంటే, అంత స్వల్ప భారంలో నీటిలోని మలినాల భారమే ఫలితాన్ని తారుమారు చేస్తుంది. వోల్టేజి గాఢత సంవర్గమానాన్ని అనుసరించి మారుతుంది కనుక, గాఢత కోటి రెట్లు తగ్గినా మీటరులో తేడా సుమారు 0.41 వోల్టులే, దాన్ని సులువుగా, కచ్చితంగా చదవవచ్చు.

ఘటాన్ని ఇలా అమర్చాలి. రెండు చిన్న బీకర్లలో ఒకదానిలో 50 మిల్లీలీటర్ల 0.100 M సిల్వర్ నైట్రేట్, మరొకదానిలో 50 మిల్లీలీటర్ల 0.100 M పొటాషియం క్లోరైడ్ తీసుకోవాలి. రెండో బీకరులో సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని రెండు చుక్కలు మాత్రమే వేసి కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. ఆ రెండు చుక్కలు దాదాపు 0.1 మిల్లీలీటరు కాబట్టి, అందులోని సిల్వర్ అక్కడున్న క్లోరైడ్‌లో 0.2 శాతాన్ని మాత్రమే తీసుకుంటుంది; క్లోరైడ్ గాఢత 0.100 M గానే ఉందని భావించవచ్చు. అవక్షేపం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుని ఎక్కువ చుక్కలు పోస్తే ఈ సౌలభ్యం పోతుంది. ఘనస్థితిలో కొంచెం మిగిలి ఉంటే చాలు, దాని పరిమాణం సమతాస్థితిని మార్చదు.

సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది స్వేదనజలంతో కడిగిన సిల్వర్ తీగలను బీకరుకు ఒకటి చొప్పున ముంచాలి. బీకర్లను కలిపే లవణ వారధిలో పొటాషియం నైట్రేట్ మాత్రమే ఉండాలి. అలవాటుగా వాడే పొటాషియం క్లోరైడ్ వారధి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దాని క్లోరైడ్ సిల్వర్ నైట్రేట్ బీకరులోకి జారి అక్కడి సిల్వర్‌ను అవక్షేపంగా మార్చేస్తుంది. వారధి కొన దగ్గర పాలలాంటి తెలుపు కనిపించిందంటే ఇదే జరుగుతోందని గ్రహించి, వారధిని మార్చి మళ్లీ మొదలుపెట్టాలి.

Ag | AgCl(ఘ), KCl (0.100 M) || AgNO₃ (0.100 M) | Ag

సిల్వర్ నైట్రేట్‌లోని తీగ ధనధ్రువం. మీటరు అంతర్నిరోధం కనీసం 10 మెగాఓములు ఉండాలి. లేకపోతే అది ఘటం నుంచి విద్యుత్తును లాగి, వోల్టేజిని తగ్గించి చూపుతుంది. సిల్వర్ గాఢత లీటరుకు 10⁻⁹ మోల్ స్థాయికి పడిపోయిన చోట తీగ నమ్మకంగా ఎలా స్పందిస్తుందన్న సందేహం సహజమే. అంత పలుచని ద్రావణం ఒంటరిగా ఉంటే స్పందన నిజంగానే నమ్మదగినది కాదు, ఎందుకంటే గాజు గోడలకు అతుక్కునే కొద్దిపాటి అయాన్లే గాఢతను మార్చేస్తాయి. ఇక్కడ మాత్రం అయాన్లు తగ్గిన కొద్దీ అవక్షేపం కరిగి భర్తీ చేస్తూ ఉంటుంది, అందుకే కాసేపు ఆగితే వోల్టేజి స్థిరపడుతుంది.

25 °C వద్ద స్థిరపడిన వోల్టేజి 0.444 వోల్టులు అనుకుందాం. అప్పుడు

log(కుడి [Ag⁺] / ఎడమ [Ag⁺]) = 0.444 / 0.05916 = 7.505

కాబట్టి నిష్పత్తి 3.20 × 10⁷. కుడి బీకరులోని గాఢత 0.100 ను ఈ సంఖ్యతో భాగిస్తే ఎడమ బీకరులోని సిల్వర్ గాఢత 3.13 × 10⁻⁹ అని వస్తుంది. దాన్ని క్లోరైడ్ గాఢత 0.100 తో గుణిస్తే Ksp = 3.1 × 10⁻¹⁰. పట్టికల్లో ఉండే విలువ 1.8 × 10⁻¹⁰. ఇంత తేడా కొలతలోని దోషం వల్ల వచ్చింది కాదు, లెక్కలో మనం చేసిన సరళీకరణ వల్ల వచ్చింది.

నెర్న్‌స్ట్ సమీకరణంలో నిజానికి ఉండవలసినది గాఢత కాదు, క్రియాశీలత. 0.1 M ద్రావణంలో ప్రతి అయాను చుట్టూ వ్యతిరేక ఆవేశం గల అయాన్లు గుమిగూడి ఉండటం వల్ల, దాని ప్రభావం గాఢత సూచించినంతగా ఉండదు. ఈ గాఢత వద్ద సగటు క్రియాశీలతా గుణకం సిల్వర్ నైట్రేట్‌కు 0.734, పొటాషియం క్లోరైడ్‌కు 0.770. వీటిని ఆయా అయాన్లకు వర్తింపజేస్తే, కుడివైపు సిల్వర్ క్రియాశీలత 0.0734, ఎడమవైపు క్లోరైడ్ క్రియాశీలత 0.0770 అవుతాయి.

ఎడమ సిల్వర్ క్రియాశీలత = 0.0734 / (3.20 × 10⁷) = 2.29 × 10⁻⁹

Ksp = 2.29 × 10⁻⁹ × 0.0770 = 1.8 × 10⁻¹⁰

పాఠ్యపుస్తకాల అభ్యాసాల్లో ఈ సవరణను తరచూ వదిలేస్తారు. అక్కడి వోల్టేజిని కూడా అదే సరళీకరణతో కల్పిస్తారు కాబట్టి జవాబు సరిపోతుంది. నిజమైన మీటరుతో కొలిచిన సంఖ్యకు ఆ వెసులుబాటు లేదు.

ఫలితంలో ఎన్ని అంకెలను నమ్మవచ్చో కూడా సంవర్గమానమే తేలుస్తుంది. వోల్టేజిలో 1 మిల్లీవోల్టు తప్పితే Ksp దాదాపు 4 శాతం తప్పుతుంది, 10 మిల్లీవోల్టులు తప్పితే దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది లేదా మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అందువల్ల కొలతకు ముందు రెండు తీగలనూ ఒకే సిల్వర్ నైట్రేట్ బీకరులో ఉంచి చూడాలి. మీటరు సున్నాకు 1 మిల్లీవోల్టు లోపల లేకపోతే తీగలు శుభ్రంగా లేవని అర్థం. వాటిని మళ్లీ రుద్ది కడగాలి. వారధి కొనల వద్ద ఏర్పడే సంధి పొటెన్షియల్‌ను మాత్రం ఈ పరీక్షతో తొలగించలేం. పొటాషియం, నైట్రేట్ అయాన్లు దాదాపు ఒకే వేగంతో కదులుతాయి కాబట్టి అది చిన్నదిగానే ఉంటుంది, అయినా Ksp ను రెండు సార్థక అంకెలకు మించి ప్రకటించకపోవడం మంచిది. ఉష్ణోగ్రతనూ గమనించాలి: 30 °C వద్ద 0.05916 స్థానంలో 0.06015 రాయాలి, పైగా ఆ ఉష్ణోగ్రత వద్ద లవణం Ksp కూడా పెరిగి ఉంటుంది.

సాధనకు: పై ఘటంలో పొటాషియం క్లోరైడ్ స్థానంలో 0.100 M పొటాషియం బ్రోమైడ్ తీసుకోగా, 25 °C వద్ద 0.593 వోల్టులు వచ్చాయి. పొటాషియం బ్రోమైడ్ క్రియాశీలతా గుణకం 0.772 అయితే, సిల్వర్ బ్రోమైడ్ Ksp ఎంత? లెక్క సరిగా చేస్తే 5.4 × 10⁻¹³ వస్తుంది. వచ్చే భాగంలో పొటాషియం క్లోరైడ్ గాఢతను క్రమంగా తగ్గిస్తూ వోల్టేజిని కొలిచి, పట్టికల్లోని గుణకాలు అవసరం లేకుండానే Ksp ను రాబట్టే పద్ధతిని నేర్చుకుందాం.