మెయిల్ థ్రెడ్ చూసి ఎవరు ఎవరికి ఏం ఇవ్వాలో తేలడం లేదా? ముందు ఇది చూడండి

బెంగళూరులో ఆఫీసు ఇంటీరియర్ పనులను కోఆర్డినేట్ చేయడం నా ఉద్యోగం. నెలకు రెండు మూడు సార్లు ఎవరో ఒకరు పొడవాటి మెయిల్ థ్రెడ్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేసి, "అన్నా, ఇందులో ఎవరు ఎవరికి ఏం బాకీ?" అని అడుగుతారు. థ్రెడ్ చదవడం అందరికీ వచ్చు. ఒక్క చిన్న చెక్ చేయకపోవడం వల్లే అంతా తారుమారవుతోంది.

సమస్య: మాట ఇచ్చింది నువ్వంటే నువ్వని ఇద్దరూ అదే థ్రెడ్ చూపిస్తున్నారు

2025 మార్చిలో మారతహళ్లిలోని ఒక ఆఫీసు నుంచి నాకు వచ్చిన థ్రెడ్ ఇలాంటిదే. ఉగాది మార్చి 30న. ఆ రోజు కొత్త ఆఫీసులో పాలు పొంగించాలని వాళ్ల ప్లాన్. 17వ తేదీకి ఎలక్ట్రికల్ పని ఆగిపోయింది. బిల్డింగ్ ఆఫీసు నుంచి కరెంటు లోడ్ లెటర్ రాలేదు. "అది మీరే తెస్తామన్నారు" అని కాంట్రాక్టర్ అంటున్నాడు. అడ్మిన్ అమ్మాయి థ్రెడ్ మళ్లీ చదివి, "నిజమేనన్నా, నేనే రాసినట్టుంది, కానీ రాసిన గుర్తు లేదు" అంది. పాపం చాలా టెన్షన్‌లో ఉంది.

నాకు పంపిన దాంట్లో ఆమె 3వ తేదీ మెయిల్ ఇలా ఉంది. అసలు మెయిల్ ఇంగ్లీషులో ఉంది, విషయం తెలుగులో పెడుతున్నాను.

```
1. సీలింగ్ శాంపిల్ చూపించాలి.
రెండు రోజుల్లో చూపిస్తాం.
2. గ్లాస్ పార్టిషన్ పని ఎప్పుడు మొదలు?
రెండో విడత డబ్బు అందిన ఐదు రోజులకు.
3. లోడ్ లెటర్ బిల్డింగ్ ఆఫీసు నుంచి రావాలి.
మేం మాట్లాడి వారంలోపు తెప్పిస్తాం.
```

మూడో అంశం చదివితే ఎవరికైనా అడ్మినే "మేం తెప్పిస్తాం" అన్నట్టు కనిపిస్తుంది. "రావాలి" అన్న మాటలో ఎవరు తేవాలో లేదు. కింది లైనులో "మేం" ఉంది. మెయిల్ ఆమెది కాబట్టి ఆ మేం కూడా ఆమే అనుకుంటాం.

అసలు కారణం: మధ్యలో రాసిన జవాబు, పోయిన రంగు

పైన 5వ తేదీన కాంట్రాక్టర్ పంపిన మెయిల్‌లో ఉన్నది ఒకే ఒక్క లైను: "నా జవాబులు కింద నీలం రంగులో చూడగలరు." అందరూ దాన్ని దాటేసి కిందికి వెళ్లిపోయారు. అతను ఆమె మెయిల్‌నే కింద ఉంచి, ఒక్కో అంశం కింద తన జవాబు నీలంలో టైప్ చేశాడు. మెయిల్‌లో చూసినంత సేపు ఇబ్బంది లేదు. వాట్సాప్‌లోకి, నోట్‌ప్యాడ్‌లోకి పేస్ట్ చేయగానే రంగు పోతుంది, పక్కన ఉండే నిలువు గీత కూడా పోతుంది. ఇద్దరి మాటలూ ఒకరి మెయిల్‌లో కలిసిపోతాయి. ఇదే పొరపాటులో నేనూ ఒకసారి పడి, తప్పు మనిషికి గట్టిగా రిమైండర్ పంపాను. అప్పటి నుంచి ఏ థ్రెడ్ వచ్చినా మొదట చూసేది ఇదే.

దీన్ని పట్టుకోవడానికి ముందు `inline`, `below`, `red`, `blue` అన్న మాటలు వెతకండి. పైన ఒకే లైను, కింద పెద్ద పాత మెయిల్ ఉంటే గట్టిగా అనుమానించండి. ప్రశ్న కిందే జవాబు ఉన్నా అంతే, తన ప్రశ్నకు తనే జవాబు ఎవరూ రాసుకోరు.

అనుమానం తీరాలంటే ఒకటే దారి. మొదట మెయిల్ పంపిన వాళ్ల Sent ఫోల్డర్‌లో అసలు కాపీ ఉంటుంది. దాన్ని, జవాబు కింద ఉన్న కాపీని పక్కపక్కన పెట్టండి. జవాబు కాపీలో ఎక్కువగా ఉన్న లైన్లన్నీ జవాబిచ్చిన వాళ్లవి. పొడవుగా ఉంటే వర్డ్‌లో Review కింద Compare ఉంది, తేడాలు అదే చూపిస్తుంది. పాత లైన్ల ముందు `>` గుర్తు మిగిలి ఉంటే ఇంకా సులువు. గుర్తు ఉన్నది పాత మాట, దాని కింద గుర్తు లేకుండా ఉన్నది కొత్తగా రాసిన మాట.

మా కేసులో Sent కాపీ తెరిస్తే మూడు లైన్లే ఉన్నాయి. "మేం తెప్పిస్తాం" అందులో లేదు. ఆ మాట కాంట్రాక్టర్‌దే.

మనిషి మారితే తేదీ కూడా మారుతుంది. చాలామంది ఇక్కడ మళ్లీ తప్పుతారు. "వారంలోపు" అన్నది 3వ తేదీ మాట అనుకుంటే గడువు 10. నిజానికి అది 5న అన్న మాట, కాబట్టి గడువు 12. "రెండు రోజుల్లో" అన్న శాంపిల్ గడువు కూడా 5 కాదు, 7. రేపు, ఎల్లుండి, గురువారం లాంటి మాటలన్నిటినీ ఆ లైను రాసిన రోజు నుంచే లెక్కపెట్టి, అసలు తేదీగా మార్చి రాసుకోండి.

ఇప్పుడు లెక్క తేల్చడం

ఎవరు, ఎవరికి, ఏమిటి, ఏ రోజు అన్నారు, గడువు ఎప్పుడు. ఈ ఐదూ ఒక కాగితం మీద చాలు. మిగతా రెండు మెయిల్స్ ఇవి. 10న సోమవారం అడ్మిన్, "నోటెడ్, డబ్బు గురువారంలోపు అకౌంట్స్ పంపుతుంది" అని రాసింది. 17న కాంట్రాక్టర్, "13న డబ్బు అందింది, లోడ్ లెటర్ మీ వైపు నుంచి రాలేదు" అని రాశాడు.

డబ్బు: గురువారం అంటే 13, అదే రోజు అందిందని తీసుకున్నవాడే రాశాడు. తీరిపోయింది.

గ్లాస్ పని: డబ్బు అందిన ఐదు రోజులకు, అంటే 18. ఆఫీసు వాళ్లు 17నే "గ్లాస్ కూడా లేటు చేశారు" అని కోపంగా ఉన్నారు. అది అన్యాయం, అతనికి ఇంకో రోజు ఉంది. డబ్బు తేదీ మీద ఆధారపడిన మాటకు, డబ్బు ఎప్పుడు అందిందో తెలియకుండా గడువు రాయకూడదు.

లోడ్ లెటర్: కాంట్రాక్టర్ ఆఫీసుకు తెచ్చి ఇవ్వాలి, 12 దాటింది. "మీ వైపు నుంచి" అని తర్వాత రాసినంత మాత్రాన బాధ్యత చేయి మారదు. ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటే మారుతుంది, థ్రెడ్‌లో ఎవరూ ఒప్పుకోలేదు. ఆమె రాసిన "నోటెడ్" 10వ తేదీది, అప్పటికి ఈ ఆరోపణే లేదు.

శాంపిల్: గడువు 7, కానీ చూపించారో లేదో థ్రెడ్‌లో లేదు. సైటులో చేతికిచ్చి ఉండొచ్చు. "ఇవ్వలేదు" అని రాయకండి, "థ్రెడ్‌లో ఆధారం లేదు" అని రాసి ఫోన్ చేసి అడగండి. అడిగితే 6వ తేదీనే చూపించాడని తేలింది.

అరుదుగా వచ్చేవి

`03/04/2025` ఏప్రిల్ 3నా, మార్చి 4నా అన్నది అమెరికా క్లయింట్ ఉంటేనే సమస్య. వాళ్ల "ఈ రోజు" మనకు తెల్లారి అవ్వడమూ అంతే, అడిగి రాసుకోండి. ఎవరో పాత మెయిల్‌కు రిప్లై ఇచ్చి థ్రెడ్ రెండుగా చీలితే, రెండో కొమ్మను కూడా తెప్పించుకోండి. జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కకుండా కాపీ చేస్తే కింది మెయిల్స్ రావు, మళ్లీ కాపీ చేయించండి.

జవాబు ఎలా పంపాలి

అడ్మిన్‌తో ఆ సాయంత్రమే రిప్లై పెట్టించాను. వాదన రాయవద్దన్నాను. "5వ తేదీ మీ మెయిల్, 3వ అంశం కింద మీ జవాబు: మేం మాట్లాడి వారంలోపు తెప్పిస్తాం. లెటర్ ఏ తేదీకి ఇస్తారో చెప్పగలరు." అంతే. ఆ నీలం లైను స్క్రీన్‌షాట్ జత చేసింది. గంటలో అతనే ఫోన్ చేసి, తన మెయిల్ తనే మర్చిపోయానని, 20వ తేదీకి ఇస్తానని చెప్పాడు. ఆ తేదీని కూడా మెయిల్‌లో రాసి పంపమని అడిగాం, పంపాడు.