52 ఏళ్ల వయసు, 183 గుండె వేగం

పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద మాటలాడుకుంటూ నెమ్మదిగా పరుగెత్తుతున్నా, నా చేతి గడియారం 'తీవ్రం' అనే చూపేది. గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటోంది, ఆయాసం మాత్రం లేదు. సెట్టింగులు తెరిస్తే కారణం దొరికింది. నా వయసు 52. 220లోంచి వయసు తీసేసి, గరిష్ఠ వేగం 168 అని అదే రాసుకుంది.

ఈ సూత్రం 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ ప్రచురించిన వ్యాసం నుంచి వ్యాపించింది. అది పాత అధ్యయనాల అంకెల మధ్య గీసిన స్థూలమైన గీత. ఒకే వయసువారిలోనూ అసలు గరిష్ఠం సుమారు ముగ్గురిలో ఒకరికి అంచనా కంటే పదికి మించి అటో ఇటో ఉంటుంది. 2001లో తనాకా బృందం ఇచ్చిన 208 − 0.7 × వయసు సగటున మెరుగే. నాకు దాదాపు 172 వస్తుంది. కానీ వ్యక్తుల మధ్య తేడాను అదీ తీర్చలేదు.

అందుకే కొలిచాను. ముందు డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి అనుమతించారు. నలభై దాటినవారు ఇది వదలకూడదు. గడియారం ఒక్కోసారి అడుగుల లయనే నాడిగా లెక్కిస్తుంది కాబట్టి గుండె వేగాన్ని కొలిచే ఛాతీ పట్టీ కట్టుకున్నాను. పావుగంట ఒళ్లు వేడెక్కాక ఎత్తుదారిలో మూడేసి నిమిషాలు గట్టిగా పరుగెత్తాను. చివరిసారి 183 వచ్చింది.

గడియారంలో ఆ అంకె వేశాను. 140 అంటే గరిష్ఠంలో 83 శాతం కాదు, 77 శాతమే. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి గరిష్ఠమే తగ్గుతుంది, వారికి ఈ లెక్కలేవీ సరిపోవు.