ప్రోడక్ట్ మూసేస్తున్నామని కస్టమర్లకు చెప్పే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మూసేయాలని నిర్ణయం అయిపోగానే అందరికీ ముందు గుర్తొచ్చే పని మెయిల్ రాయడం. కాసేపు ఆగండి, మెయిల్ ఆఖరి పని. ముందు ఒక మామూలు కస్టమర్‌లా లాగిన్ అయ్యి ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కి, వచ్చిన ఫైలు తెరిచి చూడండి.

మేము చూడలేదు. అపాయింట్‌మెంట్లు, కస్టమర్ల వివరాలు రాసుకునే చిన్న యాప్ అది, ఆరేడేళ్లుగా మమ్మల్నే నమ్ముకుని వాడుతున్నవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ప్రకటన వెళ్లిన గంటలోపే మొదటి జవాబు వచ్చింది, అందులో మాట ఒక్కటీ లేదు, ఒక స్క్రీన్‌షాట్ మాత్రమే ఉంది. పేర్లు ఉండాల్సిన కాలమ్ నిండా ఇలా ఉంది:

```
à°°à°¾à°®
```

అది "రామ" అనే పేరు. మా ఫైలు UTF-8లోనే ఉంది, కానీ దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు ఎక్సెల్‌కు ఆ సంగతి తెలియదు, పాత పద్ధతిలో ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివేసింది. ఫైలు మొదట్లో BOM అనే మూడు బైట్ల గుర్తు ఉంటే సరిపోయేది. పైథాన్‌లో అయితే మార్పు ఇంతే:

```python
open("customers.csv", "w", encoding="utf-8-sig", newline="")
```

ఇంగ్లీషు పేర్లతో టెస్ట్ చేసినంత కాలం ఈ తప్పు ఎవరికీ కనబడదు. అందుకే టెస్ట్ అకౌంట్‌లో తెలుగు పేర్లు, ముందు సున్నా ఉన్న నంబర్లు, దేశం కోడ్ కలిపి పన్నెండు అంకెలున్న ఫోన్ నంబర్లు, రెండు లైన్ల నోట్స్, ఒక ఫోటో కచ్చితంగా ఉండాలి.

ఫోన్ నంబర్ల సంగతి ఇంకా ప్రమాదం. పన్నెండు అంకెల నంబరును ఎక్సెల్ 9.1E+11 లాగా చూపిస్తుంది, ముందున్న సున్నాలను తీసేస్తుంది. అక్కడితో ఆగితే అసలు ఫైలుకు ఏమీ కాదు. కానీ కస్టమర్ కంగారులో సేవ్ కొడితే CSVలోకి కనబడుతున్నదే వెళ్తుంది, నంబర్లు శాశ్వతంగా పోతాయి. మనం సర్వర్ ఆపేశాక ఇది బయటపడితే వాళ్లకు ఇచ్చేందుకు మన దగ్గర కూడా ఏమీ ఉండదు. కాబట్టి CSVతో పాటు ఫోన్ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టిన xlsx కూడా ఇవ్వండి, "దిగిన ఫైలును ముట్టుకోకుండా ఒక కాపీ దాచుకుని, రెండో కాపీలో పని చేసుకోండి" అని స్టెప్స్‌లోనే రాయండి. తేదీలు 2026-04-03 పద్ధతిలో ఉండాలి, 03/04 అని ఉంటే మార్చి 4వ తేదీనా, ఏప్రిల్ 3వ తేదీనా అనేది తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఫోటోలు, అటాచ్‌మెంట్లు అసలు ఫైళ్లుగా జిప్‌లో ఉన్నాయో, లేక CSVలో లింకులుగా ఉన్నాయో కూడా చూడండి. ఆ లింకులు మన సర్వర్‌కే వెళ్తాయి. సర్వర్ ఆగిన రోజు అవన్నీ చచ్చిపోతాయి, కస్టమర్ మాత్రం ఆర్నెల్ల తర్వాత ఏదో పాత ఫోటో కోసం నొక్కినప్పుడే తెలుసుకుంటాడు.

ఇక తేదీలు. "మే 5న సేవలు నిలిచిపోతాయి" అని ఒక్క తేదీ చెప్పడం పెద్ద తప్పు, ఎందుకంటే ఆ రోజు ఏం ఆగుతుందో ఎవరికీ అర్థం కాదు. కొత్త వివరాలు రాయడం ఆగుతుందా, లాగిన్ ఆగుతుందా, డేటా చెరిపేస్తారా? ఇవి వేర్వేరు సంఘటనలు, వేర్వేరు తేదీలు కావాలి. మధ్యలో చూడటానికి, దించుకోవడానికి మాత్రమే పనిచేసే కాలం ఒకటి ఉంటే చాలా గొడవలు తప్పుతాయి. గూగుల్ రీడర్‌ను 2013 మార్చి 13న మూసేస్తున్నామని చెప్పి జులై 1న ఆపారు, కానీ సబ్‌స్క్రిప్షన్ల లిస్టు దించుకోవడానికి జులై 15 దాకా తలుపు తెరిచి ఉంచారు. స్కైప్ 2025 మే 5న ఆగింది, డేటా ఎక్స్‌పోర్ట్‌కు మాత్రం 2026 జనవరి దాకా గడువు ఇచ్చారు. ఆఖరి రోజు దాటాక మేలుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఆ రెండో గడువు వాళ్ల కోసమే.

ఉదాహరణకు ఫిబ్రవరి 3 మంగళవారం ప్రకటన వెళ్తోంది అనుకుందాం. ఆ రోజు నుంచే కొత్త సైన్‌అప్‌లు, ఆటో రెన్యువల్ ఆగిపోవాలి. మూసేస్తున్నామని చెప్పిన మర్నాడు ఏడాది డబ్బు కార్డు నుంచి కట్ అయితే ఆ తర్వాత మీరు ఏం రాసినా ఎవరూ నమ్మరు. పదమూడు వారాల తర్వాత, మే 5 మంగళవారం, రాయడం ఆగుతుంది. ఇంకో పదమూడు వారాలకు, ఆగస్టు 4 మంగళవారం, ఎక్స్‌పోర్ట్ కూడా ఆగి డేటా తొలగింపు మొదలవుతుంది. మీ బ్యాకప్‌లు ముప్పై రోజులు ఉంటాయనుకుంటే వాటిలోంచి కూడా పోయేది సెప్టెంబర్ 3న, అది కూడా చెప్పేయండి. మొదటి మూడూ మంగళవారాలే ఎందుకంటే, ఏదైనా తేడా వస్తే పక్కరోజు ఆఫీసులో మనుషులు ఉంటారు. శుక్రవారం సాయంత్రం మూసేసి ఇంటికెళ్లిపోయే అలవాటు మానుకోవాలి.

తేదీ రాసే మాటల్లో కూడా ఇబ్బంది ఉంది. "5వ తేదీ వరకు" అంటే 5 కూడా కలిపా, కాదా? "5వ తేదీ అర్ధరాత్రి" అంటే ఒకరికి 4 రాత్రి దాటగానే, ఇంకొకరికి 5 రాత్రి. నేనైతే అర్ధరాత్రి అనే మాటే వాడను, "మే 5 మంగళవారం సాయంత్రం 6 గంటలకు" అని రాస్తాను. వేర్వేరు దేశాల్లో కస్టమర్లు ఉంటే ఎక్కడి 6 గంటలో పక్కనే ఉండాలి.

గడువు ఎంత ఇచ్చినా సగం మంది ఆఖరి రెండు రోజుల్లోనే వస్తారని లెక్కేసుకోండి. నాలుగు వేల అకౌంట్లు, ఒక్కో ఎక్స్‌పోర్ట్‌కు మూడు నిమిషాలు, సర్వర్ ఒకసారికి ఒక్కటే తయారు చేస్తుంది అనుకోండి. రెండు వేల మంది ఒకేసారి నొక్కితే ఆరు వేల నిమిషాలు, అంటే వంద గంటలు. మిగిలింది నలభై ఎనిమిది గంటలు. ఒకేసారి నాలుగు తయారయ్యేలా పెడితే ఇరవై ఐదు గంటల్లో అయిపోతుంది, గట్టెక్కుతాం. ఈ గుణకారం ప్రకటనకు ముందే చేయాలి. ఇంకోటి, తయారైన ఫైలు లింకు ఇరవై నాలుగు గంటలకే పనిచేయకుండా పోతే శనివారం నొక్కినవాళ్లు సోమవారం వచ్చి ఖాళీ చేతులతో మిగులుతారు. ఏడు రోజులన్నా ఉండాలి, పోయినా మళ్లీ నొక్కే వీలుండాలి.

"మార్కెట్‌లో ఎన్నో ప్రత్యామ్నాయాలు ఉన్నాయి" అనే వాక్యం ఎవరికీ పనికిరాదు. రెండు మూడు పేర్లు చాలు, కానీ మీ ఎక్స్‌పోర్ట్ ఫైలును మీరే వాటిలోకి ఎక్కించి చూసిన తర్వాతే చెప్పాలి. ఏది వెళ్తుందో ఒక్క లైను, ఏది వెళ్లదో రెండు లైన్లు రాయండి, జనానికి రెండోదే ముఖ్యం. "పేర్లు, నంబర్లు, పాత అపాయింట్‌మెంట్లు వస్తాయి, రిపీట్ అయ్యే అపాయింట్‌మెంట్లు, రిమైండర్లు రావు, అవి మళ్లీ పెట్టుకోవాలి" అంటే ఎంత పని ఉందో వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. మీరు సూచించే కంపెనీ నుంచి మీకు కమిషన్ వస్తుంటే దాచకండి. అడక్కుండా వాళ్ల డేటాను ఆ కంపెనీకి పంపడం మాత్రం అస్సలు వద్దు.

డబ్బు విషయం క్లుప్తంగా, లెక్కతో చెప్పండి. పన్నెండు నెలలకు కట్టినవాళ్లకు, రాయడం ఆగేనాటికి ఏడు నెలలు మిగిలి ఉంటే, కట్టినదాంట్లో పన్నెండింట ఏడు వంతులు వెనక్కి. ఎప్పటిలోగా, ఏ కార్డుకు, పాత కార్డు లేకపోతే ఏం చేయాలో కూడా ఉండాలి. ఆపిల్ యాప్ స్టోర్ ద్వారా కట్టినవాళ్లకు మీరు నేరుగా రిఫండ్ ఇవ్వలేరు, వాళ్లు ఆపిల్‌నే అడగాలి, కాబట్టి వాళ్లకు వేరే స్టెప్స్ కావాలి. డబ్బు దగ్గర ఉదారంగా ఉంటే ఎంత తేడానో స్టేడియా చూస్తే తెలుస్తుంది. 2022 సెప్టెంబర్‌లో మూసివేత ప్రకటించినప్పుడు గూగుల్ తన దగ్గర కొన్న గేములకు, కంట్రోలర్లకు డబ్బు తిరిగిచ్చేస్తామంది.

ఇప్పుడు మెయిల్. సబ్జెక్ట్‌లోనే విషయం ఉండాలి. "మా ప్రయాణంలో కొత్త మలుపు" అని పెడితే సగం మంది ఆఫర్ అనుకుని తెరవరు, మీకు చెప్పామన్న తృప్తి మిగులుతుంది అంతే. నేను రాసేది ఇలా ఉంటుంది:

"సబ్జెక్ట్: మే 5న యాప్ ఆగిపోతోంది, ఆగస్టు 4 లోపు మీ డేటా దించుకోండి

నమస్కారం. మే 5 మంగళవారం సాయంత్రం 6 గంటల తర్వాత యాప్‌లో కొత్తగా ఏదీ రాయలేరు. ఆగస్టు 4 మంగళవారం సాయంత్రం 6 గంటల దాకా లాగిన్ అయ్యి పాతవి చూడొచ్చు, దించుకోవచ్చు. ఆ తర్వాత డేటా తొలగింపు మొదలవుతుంది. సెప్టెంబర్ 3న బ్యాకప్‌లలోంచి కూడా పోతుంది, ఇక మేము కూడా వెనక్కి తేలేము.

దించుకోవాలంటే: ఎప్పటిలాగే లాగిన్ అవ్వండి. సెట్టింగ్స్‌లో 'నా డేటా' నొక్కండి. 'అన్నీ దించు' నొక్కితే, ఫైలు తయారవ్వగానే లింకు మెయిల్‌కు వస్తుంది. జిప్ తెరిచి, మీ దగ్గర మొత్తం ఎంతమంది కస్టమర్లని యాప్ చూపిస్తోందో, ఫైల్లో అన్ని వరసలు ఉన్నాయో లేదో సరిచూసుకోండి. తక్కువ ఉంటే ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి, మనిషే చూస్తారు.

ఈ పని కోసం మేము ఎవరి పాస్‌వర్డూ, ఓటీపీ అడగం."

ఎందుకు మూసేస్తున్నామనేది దీని కింద రెండు వాక్యాల్లో చెప్పొచ్చు, ఖర్చులు రావట్లేదంటే రావట్లేదనే. ఆఖరి లైను ఊరికే పెట్టలేదు. మూసివేత వార్త బయటికి రాగానే మన పేరుతో "మీ డేటా కాపాడుకోండి" అని దొంగ మెయిళ్లు తిరిగే అవకాశం ఉంది, టెన్షన్‌లో ఉన్న మనిషి అలాంటిది వెంటనే నొక్కేస్తాడు.

ఒకే మెయిల్‌తో పని అయిపోదు. ఎవరు దించుకున్నారో, ఎవరు ఇంకా దించుకోలేదో లిస్టు తీసి, దించుకోనివాళ్లకే మళ్లీ పంపండి, దించుకున్నవాళ్లను విసిగించకండి. మెయిల్ వెనక్కి వచ్చేసిన అడ్రస్‌లకు యాప్‌లోనే పెద్ద బ్యానర్ కావాలి. టీమ్ అకౌంట్లలో ఎక్స్‌పోర్ట్ హక్కు ఓనర్‌కే ఉంటుంది, ఆ ఓనర్ రెండేళ్ల క్రితమే ఉద్యోగం మానేసి ఉంటాడు, ఇలాంటివి మాకు పదుల్లో వచ్చాయి. ఓనర్‌ను మార్చడానికి ఏ రుజువు అడగాలో ముందే తేల్చుకోకపోతే, తొందరలో ఎవరో ఒకరికి ఇంకొకరి డేటా ఇచ్చేస్తారు.

అన్నీ అయ్యాక కూడా డొమైన్ రెన్యువల్ ఆపేయకండి. అది గడువు తీరి ఇంకొకరు కొనుక్కుంటే, మన పాత మెయిల్ అడ్రస్‌లకు వచ్చేవన్నీ వాళ్లకు వెళ్తాయి, మన పేరుతో లాగిన్ పేజీ కూడా పెట్టుకోవచ్చు. కొన్నేళ్లపాటు అక్కడ ఒక్క పేజీ ఉంచండి, ఏ తేదీన ఏది ఆగిందో, డేటా ఎప్పుడు చెరిపేశారో రాసి, లాగిన్ బాక్సు లేకుండా.