కుక్క కరిచింది, టీకా వేశారు, సీరం వేయలేదు: ఇప్పుడేం చేయాలి?

దేవరకొండ వైపు ఒక ఊరు. సోమవారం సాయంత్రం పత్తి చేను నుంచి ఇంటికి వస్తున్న మహిళను వీధికుక్క పిక్క మీద కరిచిందనుకుందాం. రెండు పళ్లు దిగాయి, రక్తం వచ్చింది. ఇంట్లోవాళ్లు పసుపు అద్ది గుడ్డ కట్టారు. మంగళవారం ఉదయం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా వేసి, సీరం కోసం జిల్లా ఆసుపత్రికి వెళ్లమని చీటీ రాశారు. టీకా పడింది కదా అని ఆమె ఇంటికి తిరిగి వచ్చేసింది. మా ప్రాంతంలో తరచుగా జరిగే పొరపాటు ఇదే.

సమస్య: గాయాన్ని కడగలేదు, పైగా పసుపు పెట్టారు

కారణం: రేబీస్ వైరస్ కుక్క లాలాజలంతో వస్తుంది. మొదట గాయం దగ్గరి కండరంలోనే ఉండి, తర్వాత నరం పట్టుకుని మెదడు వైపు పాకుతుంది. గాయంలో ఉండగానే దాన్ని కడిగేయడం మన చేతిలో పని. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు వైరస్‌ను చంపవు. గాయాన్ని మండించి, కడగడాన్ని కష్టం చేస్తాయి.

పరిష్కారం: గుడ్డ విప్పి, కుళాయి కిందో బోరు నీటి ధార కిందో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. బట్టల సబ్బైనా ఫర్వాలేదు. 15 నిమిషాలంటే చాలాసేపు, గడియారం చూసుకోకపోతే రెండు నిమిషాలకే ఆపేస్తారు. నీరు పంటి గాట్ల లోపలికి కూడా వెళ్లాలి. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయాలి. మర్నాడు గుర్తొచ్చినా సరే, కడగడం మానకూడదు. కుట్లు వేయించుకోవద్దు. తప్పనిసరైతే సీరం వేశాక, వదులుగా, డాక్టరే వేస్తారు.

సమస్య: టీకా వేశారు, సీరం వేయలేదు

కారణం: టీకా వేయగానే రక్షణ రాదు. దానికి స్పందించి శరీరం ప్రతిరక్షకాలను తయారు చేసుకోవడానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా వైరస్ నరంలోకి చేరవచ్చు. ఆ ఖాళీని పూడ్చేది సీరం, అంటే రేబీస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్. అందులో తయారైన ప్రతిరక్షకాలే ఉంటాయి. అందుకే దాన్ని జబ్బకు కాదు, గాయంలోకీ దాని చుట్టూ ఎక్కిస్తారు. పన్ను దిగి రక్తం వచ్చిన ప్రతి కాటుకూ ఇది కావాలి. రక్తం రాని చిన్న గీరుకు టీకా చాలు. చర్మం ఎక్కడా చిట్లకుండా కేవలం నాకితే ఏదీ అక్కర్లేదు.

పరిష్కారం: సీరం టీకాతో పాటే, మొదటి రోజే పడాలి. కుదరకపోతే మొదటి టీకా వేసిన 7 రోజుల లోపు వేయించుకోవచ్చు. ఆ తర్వాత ప్రయోజనం లేదు, అప్పటికి శరీరమే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటూ ఉంటుంది. మన ఉదాహరణలోని మహిళ వచ్చే మంగళవారం దాకా ఆగనక్కర లేదు, బుధవారమే నల్లగొండ బస్సు ఎక్కాలి. గుర్రపు సీరమైతే కిలో బరువుకు 40 యూనిట్లు గరిష్ఠ పరిమితి. ఆమె బరువు 45 కిలోలైతే 1,800 యూనిట్లకు మించకూడదు. వేలి మీద కాటైతే చోటు తక్కువ కాబట్టి పట్టినంతే, మెల్లగా ఎక్కిస్తారు. నొప్పిగానే ఉంటుంది, అయినా వద్దనకండి.

సమస్య: విడతల తేదీలు కలగాపులగం

లెక్క కరిచిన రోజు నుంచి కాదు, మొదటి టీకా రోజు నుంచి. ఆ రోజు సున్నా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో, ఒక్కోసారి రెండు చోట్ల వేస్తారు. ఆమెకు మంగళవారం, శుక్రవారం, మళ్లీ మంగళవారం, ఆపై మూడు వారాలకు చివరిది. కండరంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులు, అది కూడా జబ్బకే, పిరుదుకు వేయకూడదు. ఒక తేదీ తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టకండి, వీలైనంత త్వరగా వెళ్లి ఆగిన చోటు నుంచి కొనసాగించండి. పొట్ట చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. గర్భిణులకు కూడా ఈ టీకా వేయవచ్చు.

సమస్య: పిల్లి చేతిని కరిచింది, మర్నాటికి వాపు

పిల్లి పన్ను సన్నగా, లోతుగా దిగుతుంది. పైన చుక్కంత గాటే కనబడి త్వరగా మూసుకుపోతుంది, లోపల బాక్టీరియా పెరుగుతుంది. ఒక రోజులోనే ఎరుపు, వాపు, వేలు వంచితే నొప్పి కనిపిస్తే అది రేబీస్ లక్షణం కాదు, చీము పట్టే ఇన్ఫెక్షన్. అదే రోజు డాక్టరుకు చూపించి యాంటీబయాటిక్ తీసుకోవాలి. రేబీస్ టీకా, సీరం నియమాలు మాత్రం కుక్కకాటుకు ఉన్నవే.

సమస్య: కుక్క పెంపుడుదే, ఆగి చూద్దామా?

ఆగవద్దు. టీకా మొదలుపెట్టి, కుక్కను 10 రోజులు కనిపెట్టి ఉండండి. అది పదో రోజుకు కూడా ఆరోగ్యంగా ఉంటే మిగతా విడతల సంగతి డాక్టరు చెబుతారు. కుక్క చచ్చినా, కనిపించకుండా పోయినా కోర్సు పూర్తి చేయాల్సిందే.

ఆసుపత్రిలో ఇచ్చిన టీకా కార్డును రేషన్ కార్డు పక్కనే పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడైనా కుక్క కరిస్తే, గతంలో పూర్తి కోర్సు వేసుకున్నట్టు అది చూపిస్తుంది. అప్పుడు 0, 3 రోజుల్లో రెండు విడతలు చాలు, సీరం అవసరం ఉండదు.